అరకిలో పగ

పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళే దారికి లోపలగా, వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసిన చోట, అప్పారావుగారికి అయిదు చెరువులున్నాయి. ఆ అయిదింటికీ మేత చూసేది ఏసుపాదం. వయసు ఇరవై తొమ్మిది. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపేసి, తల్లి ఏసమ్మ ఊడ్పులకు వెళ్ళడం మాన్పించాలని పనిలో చేరాడు. చేరిన కొత్తలో మేత బస్తాలు మోశాడు. ఇప్పుడు ఎంత మేత పడాలో చెప్పేది అతనే.

ఆ పని బయటివాళ్ళకు తేలిగ్గా కనిపిస్తుంది. చెరువులో రొయ్య ఎంత తింటోందో పైనుంచి చూస్తే తెలియదు. చెక్ ట్రేలో గుప్పెడు మేత వేసి నీళ్ళలోకి దించి, రెండు గంటలయ్యాక పైకి తీసి చూడాలి. మిగిలితే మర్నాడు తగ్గించాలి, మిగలకపోతే కొంచెం పెంచాలి. వారానికోసారి విసురు వల వేసి, పడ్డ రొయ్యలన్నిటినీ తూచి, లెక్కపెట్టి, ఒక్కోటి సగటున ఎన్ని గ్రాములుందో రాసుకోవాలి. కిలోకు ఎన్ని తూగితే అన్ని కౌంటు అంటారు. పిల్ల రొయ్య తన ఒంటి బరువుతో పోలిస్తే చాలా ఎక్కువ తింటుంది, వేగంగా పెరుగుతుంది. పెద్దదయ్యేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గిపోతుంది. పెద్ద రొయ్యకు పిల్ల రొయ్య లెక్కన మేత పోస్తే అది తినదు, మేత అడుక్కి దిగి కుళ్ళి చెరువునే పాడుచేస్తుంది. ఇదంతా ఏసుపాదాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎందుకంటే ఇంత తెలిసినవాడు తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మట్టిబుర్రలా ప్రవర్తించాడు.

అతని గురించి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. పగ పడతాడు. అరవడు, చెయ్యి చేసుకోడు, మాట తూలడు. పగను కూడా మేతలాగే కొలిచి కొలిచి వేస్తాడు. అతని పెళ్ళి వీడియోలో ఏసమ్మ అయిదు నిమిషాలు కూడా కనపడలేదు. చీర పాతదని వీడియో తీసినవాడు ఆవిడను పక్కకు జరగమన్నాడట. అది జరిగి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో వాళ్ళ చర్చిలో పదకొండు పెళ్ళిళ్ళు జరిగితే, ఒక్క పెళ్ళికీ ఆ వీడియో మనిషిని పిలవనివ్వలేదు. ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి, కాఫీ తాగి, మర్యాదగా వేరేవాడి నంబరు ఇచ్చి వచ్చాడు. భార్య వినీల ఒకసారి, పోనివ్వండి, వాడికీ పిల్లలున్నారు అంది. ఉన్నారు, వాళ్ళమ్మను వాళ్ళు వీడియో తీసుకుంటార్లే అన్నాడు. మంచి గుణమని నేననను. అలాంటి మనిషి జోలికి వెళ్ళేముందు ఎవరైనా కాస్త ఆలోచించుకోవాలి, అంతే.

ఆలోచించుకోని మనిషి పేరు లోకనాథ్.

లోకనాథ్‌కు పాలకొల్లు బస్టాండు వెనక జిమ్ ఉంది. నలభై దగ్గర పడుతున్నా ఒళ్ళు గట్టి. జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో, ఒంటి బరువు డెబ్బై నాలుగు కిలోలు దాటనివాళ్ళ కేటగిరీలో నాలుగేళ్ళుగా మొదటి బహుమతి అతనిదే. ఆ నాలుగు కప్పులూ జిమ్ గుమ్మంలో, చెప్పులు విడిచే చోటే పెట్టాడు, ఎవరూ చూడకుండా లోపలికి రాకూడదని. ఏసుపాదం ఇరవై ఆరో ఏట ఆ జిమ్‌లో చేరాడు. పొద్దున్న మొదటి మేత వేయించి బండి మీద వచ్చి, పదింటి మేతకు మళ్ళీ గట్టు మీద ఉండేవాడు. అరవై ఒక్క కిలోల మనిషి మొదటి ఏడాదిలోనే అరవై ఎనిమిదికి వచ్చాడు. ఎత్తే బరువు వారంవారం పెరిగింది. రెండో ఏడాది నిదానించింది, అయినా పెరిగింది. మూడో ఏడాది వచ్చేసరికి డెబ్బై ఒకటిన్నర దగ్గర ఆగిపోయాడు.

ఎనిమిది నెలలు అలాగే ఉన్నాడు. భుజాల మీద బార్‌తో కూర్చుని లేచే స్క్వాట్, పడుకుని పైకి నెట్టే బెంచ్, నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్ మూడూ కలిపి నాలుగు వందల యాభై ఏడున్నర కిలోలు. ఎన్నిసార్లు ఎత్తినా అదే. ఆ లెక్కతోనే జిల్లా పోటీలో లోకనాథ్ వెనక రెండో స్థానం వచ్చింది. లోకనాథ్ నాలుగు వందల డెబ్బై అయిదు ఎత్తాడు. తేడా పదిహేడున్నర కిలోలు. మూడేళ్ళ క్రితం బార్ పట్టుకోవడం రానివాడు పదిహేడున్నర కిలోల దూరానికి వచ్చాడంటే లోకనాథ్‌కు ఆ పూట అన్నం సహించి ఉండదు.

పోటీ అయిన మర్నాడే భుజం మీద చెయ్యి వేసి పక్కకు పిలిచాడు. నీ కష్టంలో లోపం లేదు, తిండిలో లోపం ఉంది అన్నాడు. రోజూ తినేదానికి పైన వెయ్యి క్యాలరీలు తినాలన్నాడు. రోజుకు ఆరు గుడ్లు, లీటరు పాలు, బరువు పెంచే మాస్ గెయినర్ పొడి మూడు గరిటెలు, రాత్రి బిర్యానీ అయినా ఫర్వాలేదు. కొలతలు, లెక్కలు ఆడంగి పనులన్నాడు. కండ కావాలంటే బరువు పెరగాలి, బరువు పెరగాలంటే సిగ్గు లేకుండా తినాలి. గెయినర్ డబ్బాలు కూడా తన దగ్గరే తీసుకోమన్నాడు. పొట్ట వస్తే ఏంటండీ చెయ్యడం అని ఏసుపాదం అడిగితే, ముందు కొండ కట్టు, తర్వాత శిల్పం చెక్కుదాం అన్నాడు. ఆ మాట ఏసుపాదానికి ఎంత నచ్చిందంటే ఇంటికి వెళ్ళి వినీలకు రెండుసార్లు చెప్పాడు.

రొయ్యకు మేత ఎక్కువైతే ఏమవుతుందో తెలిసినవాడు నాలుగు నెలలు సిగ్గు లేకుండా తిన్నాడు. వేసవి కాలం, మామిడిపళ్ళ రోజులు. కాటా మీద ముల్లు కదులుతుంటే సంబరపడ్డాడు. డెబ్బై అయిదు, డెబ్బై ఎనిమిది, ఎనభై. జూన్ వచ్చేసరికి ఎనభై రెండు. పది కిలోల పైన పెరిగాడు. ఎత్తే బరువూ పెరిగింది, మూడూ కలిపి నాలుగు వందల డెబ్బై అయిదు వచ్చింది. కానీ చెరువు గట్టు ఎక్కితే ఆయాసం. చొక్కా మూడో బొత్తాం పట్టడం మానేసింది. ఏసమ్మ కొడుకు కంచంలోకి చూసి, కుడితి ఎవడు పెట్టాడురా నీకు అని నవ్వేది. అతనికి నవ్వు రాలేదు.

జూన్‌లో రాజమండ్రిలో ఓపెన్ పోటీ జరిగింది. ఎనభై రెండు కిలోల మనిషి డెబ్బై నాలుగులో దిగలేడు కదా, ఎనభై మూడు కేటగిరీలో దింపారు. అక్కడ మొదటివాడు అయిదు వందల యాభై అయిదు ఎత్తాడు. పుట్టినప్పటి నుంచీ ఆ బరువులో ఉన్నట్టున్నారు వాళ్ళంతా. ఏసుపాదం అయిదో స్థానంలో వచ్చాడు. పోటీలో ఉన్నది ఆరుగురు. డెబ్బై నాలుగులో లోకనాథ్ నాలుగు వందల ఎనభైతో ఎదురులేకుండా గెలిచాడు.

ఆ సాయంత్రం ఏసుపాదం బట్టలు మార్చుకోవడానికి తెర వెనక ఉన్నాడు. తెర ఇవతల లోకనాథ్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతులో తృప్తి ఉంది.

"వాణ్ణి ఎనభై మూడుకి తోసేశాను కదండీ. డెబ్బై నాలుగులో నాకిక అడ్డెవడున్నాడు? తినమంటే గేదెలా తిన్నాడు పాపం."

ఏసుపాదం చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆపాడు. ఆ పాపం అన్న మాట లేకపోయినా బాగుండేదని నాకనిపిస్తుంది. మోసాన్ని మనిషి ఎప్పటికైనా మింగుతాడు. జాలిని మింగలేడు. బయటికి రాలేదు, పట్టుకుని అడగలేదు. లోకనాథ్ వెళ్ళిపోయేదాకా ఆ తెర వెనకే నిలబడి, తర్వాత బస్సెక్కి ఇంటికి వచ్చాడు.

కథ అక్కడితో ఆగేదేమో. ఆగలేదు. మరుసటి వారం జిమ్‌కు వెళ్ళేసరికి అద్దాల గోడ పక్కన నిలువెత్తు స్టిక్కర్ ఒకటి అంటించి ఉంది. రాజమండ్రిలో బరువు చూసే చోట చొక్కా లేకుండా నిలబడ్డ ఏసుపాదం, పక్కనుంచి తీసిన ఫోటో. పొట్ట నిండుగా పడింది. పైన పెద్ద అక్షరాలు: బల్క్ అంటే ఇది కాదు. జిమ్ భాషలో బల్క్ అంటే బాగా తిని కండ పెంచడం. కొత్తగా చేరినవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి, మన ఏసుపాదం చెప్పిన మాట వినకుండా ఇష్టమొచ్చినట్టు తిన్నాడు, చూడండి అని పాఠం చెబుతున్నాడట. తను తినిపించిన తిండికి తనే తీర్పరి.

పొద్దుటి బ్యాచ్‌లో పదిహేను మంది ఉన్నారు. ఏసుపాదం ఆ ఫోటో ముందు నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత లోకనాథ్ దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, ఫిబ్రవరిలో జిల్లా పోటీకి డెబ్బై నాలుగులోనే దిగుతానండి. మీరు గెలిస్తే ఈ ఫోటో ఎన్నాళ్ళయినా ఇక్కడే ఉండనివ్వండి. నేను గెలిస్తే మీ చేత్తో మీరే తియ్యాలి. వీళ్ళందరి ముందూ."

లోకనాథ్ నవ్వాడు. ఎనిమిది కిలోలు దించి, ఉన్న బలమంతా పోగొట్టుకుని వస్తావా రా, నేనెందుకొద్దంటాను అన్నాడు. పదిహేను మంది ముందు చెయ్యి కలిపాడు. ఏసుపాదం జిమ్ మారతాడని అందరూ అనుకున్నారు. మారలేదు. ఏడాది ఫీజు ముందే కట్టి ఉంది, పైగా ఆ ఫోటో రోజూ కళ్ళబడాలని అతని కోరిక. ఆ గోడకు ఎదురుగా ఉన్న స్టాండు దగ్గరే స్క్వాట్ చేసేవాడు.

అతనికి అక్క వరస అయ్యే రెబెక్కా అని ఒకావిడ ఉంది, పెద్దమ్మ కూతురు. హైస్కూల్లో వ్యాయామం టీచరు. చదువుకునే రోజుల్లో రాష్ట్రం తరఫున బరువులెత్తింది. మోకాలు పాడై మానేసింది గాని ఆ విద్య మర్చిపోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చోబెట్టి ఏసుపాదం జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ముందు అతని పొట్ట చూసింది, తర్వాత మొహం చూసింది.

"నీ చెరువులో వంద కౌంటు రొయ్యకి వేసే మేత, ముప్పై కౌంటు రొయ్యకి వేస్తావా?"

వేయనన్నాడు.

"మరి నీకెందుకేసుకున్నావురా?"

ఆ తర్వాత ఆవిడ చెప్పింది ఇది. కొత్తగా మొదలుపెట్టినవాడికి మొదటి ఏడాదిలో నెలకు కిలో దాకా కండ పట్టవచ్చు. రెండు మూడేళ్ళు చేసినవాడికి అందులో సగం పట్టినా గొప్పే, చాలామందికి పావుకిలో నుంచి అరకిలో మధ్యలో ఉంటుంది. ఒళ్ళు అంతకంటే వేగంగా కండ కట్టలేదు. రోజుకు వెయ్యి క్యాలరీలు ఎక్కువ పోసినా కట్టేది అంతే, మిగతాదంతా కొవ్వై కూర్చుంటుంది. చెరువు అడుగున మేత కుళ్ళినట్టే. నాలుగు నెలల్లో పెరిగిన పది కిలోల్లో కండ రెండు కిలోలుంటే సంతోషించమంది. అతని స్థాయివాడికి రోజుకు రెండు వందల నుంచి మూడు వందల క్యాలరీలు పైన తింటే చాలు. డెబ్బై రెండు కిలోల మనిషి నెలకు అరకిలో నుంచి ముప్పావుకిలో మించి పెరగకూడదు, అందులో సగం కండ పడినా లాభమే. మాంసకృత్తులు రోజుకు నూట ముప్పై గ్రాములు తగ్గకూడదు. తిండితో పాటు ఎక్సర్‌సైజూ మార్చాలి. ఎనిమిది నెలలు అవే బరువులు అన్నిసార్లే ఎత్తుతూ కూర్చుంటే ఎంత తిన్నా కండకు పనేముంటుంది?

అరకిలోయేనా అన్నాడు ఏసుపాదం. అతనికి కోపం తొందరగా ఉంది, కండ నిదానంగా ఉంది. ఆ రెండిటికీ పొత్తు కుదరలేదు.

"పగ తీర్చుకోవాలా, పొట్ట పెంచుకోవాలా? ఏదో ఒకటి చెప్పు," అంది రెబెక్కా.

ముందు దించడానికి నాలుగు నెలలు పట్టింది. వారానికి అరకిలో పైచిలుకు, అంతకంటే వేగంగా దిగనివ్వలేదు ఆవిడ. బరువులు ఎత్తడం మానలేదు, గుడ్లూ చేపలూ తగ్గించలేదు, అన్నం, నూనె తగ్గించారు. అక్టోబరు మధ్యకు డెబ్బై ఒకటిన్నరకు వచ్చాడు. అదే పాత బరువు, కానీ ఎత్తితే నాలుగు వందల అరవై ఏడున్నర వచ్చింది. తిన్న తిండిలో కొంచెం కండ నిజంగానే నిలిచిందన్నమాట. లోకనాథ్ పుణ్యం అని వినీల అంటే, వాడి పుణ్యం వాడికే అప్పజెబుతాను అన్నాడు.

తర్వాత రెండు వారాలు బరువు పెరగకుండా, తరగకుండా ఉంచి, నోట్లో పెట్టుకున్న ప్రతిదీ రాయించింది రెబెక్కా. రోజుకు ఇరవై ఆరు వందల యాభై క్యాలరీలకు బరువు కదలకుండా నిలిచింది. దాని మీద ఎంత పెంచాలి అని ఏసుపాదం కాగితం పట్టుకుని కూర్చున్నాడు. రెండు కోడిగుడ్లు, ఒక రావులపాలెం అరటిపండు అంది ఆవిడ. ఇంకా అన్నాడు. ఇంకేం లేదు, అంతే అంది.

రెండు గుడ్లూ ఒక అరటిపండూ. మూడున్నర నెలల పగకు రోజువారీ మేత అది. వినీల పొద్దున్నే ఉడకబెట్టి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చేది, జిమ్‌లో ఎక్సర్‌సైజు అవగానే ఫోటో కింద బెంచీ మీద కూర్చుని తినేవాడు. బరువు మాత్రం చెరువు దగ్గర చూసుకునేవాడు. రొయ్యలు తూచే కాటా యాభై గ్రాముల తేడా కూడా పట్టేస్తుంది. రోజూ లేవగానే కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకుండా, తాగకుండా ఎక్కేవాడు. ఏ రోజు అంకెనూ నమ్మేవాడు కాదు. వారం అంకెలు కలిపి ఏడుతో భాగించి, ఆ సగటును మాత్రమే రెబెక్కాకు ఫోన్లో పంపేవాడు. ఒక్క రొయ్యను తూచి చెరువు లెక్క చెప్పరు కదా.

నవంబరులో లోకనాథ్‌కు ఈ సంగతి తెలిసింది. అందరిముందూ అడిగాడు, నెలకెంత పెరుగుతున్నావని. ఏసుపాదం దాచలేదు, అరకిలో అన్నాడు.

"అరకిలో? చేపల బజార్లో అరకిలో తేడా ఐసుకే పోద్ది బాబూ. దానికోసం నెలంతా గుడ్లు లెక్కపెట్టుకుంటావా?"

జిమ్ అంతా నవ్వింది. ఏసుపాదం అరటితొక్క డబ్బాలో వేసుకుని మూత పెట్టాడు. ఆ నవ్వు కూడా లెక్కలో రాసుకున్నాడు.

డిసెంబరులో ఓపిక తెగింది. రెండు వారాల సగటు ఒక్క గ్రాము కదలలేదు. ఎదురుగా లోకనాథ్ నాలుగు వందల ఎనభై అయిదు ఎత్తేస్తున్నాడు. అటక మీద మిగిలిపోయిన గెయినర్ డబ్బా ఒకటుంది, ఏసుపాదం స్టూలు వేసుకుని దాన్ని కిందికి దించాడు. వినీల చూసి, రెబెక్కాకు ఫోన్ కలిపి చేతికిచ్చింది. ఆవిడ తిట్టినంతసేపు తిట్టి, రోజుకు ఇంకో వంద క్యాలరీలు, అంటే ఒక గరిటె అన్నం పెంచమంది. అంతకుమించి ఒక్క మెతుకు వద్దంది. క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు కేకూ, బిర్యానీ, ఆవకాయ పుణ్యాన కాటా ఒకటిన్నర కిలో ఎక్కువ చూపించింది. అది ఉప్పూ నీరూ, నాలుగు రోజుల్లో పోతుంది అంది రెబెక్కా. పోయింది. గరిటె అన్నం పని చేసింది, సగటు మళ్ళీ కదిలింది. గెయినర్ డబ్బా మాత్రం అటక మీదికి తిరిగి వెళ్ళలేదు. ఏసమ్మ దాన్ని కడిగి కందిపప్పు పోసుకుంది.

జనవరి చివరికి సగటు డెబ్బై మూడు కిలోల రెండు వందల గ్రాములు. కేటగిరీ హద్దు డెబ్బై నాలుగు కదా, ఆ ఎనిమిది వందల గ్రాములు వదిలెయ్యడం ఎందుకు, రెండు వారాల్లో నింపేస్తానన్నాడు ఏసుపాదం. రెండు వారాల్లో నిండేది పొట్టే గాని కండ కాదంది రెబెక్కా. ఆ మాట విన్నాడు. ఇన్ని నెలల్లో అతను చేసిన తెలివైన పని అదొక్కటే అని నా లెక్క.

లోకనాథ్ ఇంకోలా తయారయ్యాడు. ఏసుపాదం ఎత్తే బరువు వారంవారం పెరగడం చూసి లోపల బెదిరాడు. బెదిరినవాడు తన మందు తనే తాగాడు. సిగ్గు లేకుండా తిని డెబ్బై ఎనిమిదికి వచ్చాడు, పోటీకి ముందు మూడు రోజులు నీళ్ళు మాని, దుప్పట్లు కప్పుకుని చెమట కక్కి దిగాడు.

పోటీ ఫిబ్రవరి రెండో శనివారం, భీమవరంలో ఒక కళ్యాణ మండపంలో జరిగింది. పోటీకి రెండు గంటల ముందు బరువు చూశారు. లోకనాథ్ డెబ్బై మూడు తొమ్మిది వందల యాభై. పెదాలు ఎండి అట్టలు కట్టాయి. ఏసుపాదం డెబ్బై మూడు నాలుగు వందలు. మామూలుగా ఇంట్లో టిఫిను తిని వచ్చినవాడిలా ఉన్నాడు, బరువు చూపించుకుని వెళ్ళి డబ్బా తెరిచాడు.

స్క్వాట్‌లో లోకనాథ్ నూట ఎనభై రెండున్నర, ఏసుపాదం నూట డెబ్బై ఏడున్నర. బెంచ్‌లో లోకనాథ్ నూట పదిహేను, ఏసుపాదం నూట ఏడున్నర. పన్నెండున్నర కిలోలు వెనకబడ్డాడు. మిగిలింది డెడ్‌లిఫ్ట్ ఒక్కటే, ఒక్కొక్కరికి మూడు ప్రయత్నాలు. లోకనాథ్ రెండో ప్రయత్నంలో నూట ఎనభై ఏడున్నర ఎత్తాడు, మొత్తం నాలుగు వందల ఎనభై అయిదు. మూడో ప్రయత్నానికి నూట తొంభై అయిదు పెట్టించుకున్నాడు. బార్ మోకాలి దాకా వచ్చింది. నీళ్ళు లేని ఒళ్ళు, పిక్క పట్టేసింది. బార్ కింద పడింది.

ఏసుపాదం రెండో ప్రయత్నంలో నూట తొంభై రెండున్నర ఎత్తి ఉన్నాడు. రెండు వందల రెండున్నర రాయించక్కా, స్పష్టంగా దాటేస్తాను అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జిమ్‌లో అతను ఎన్నడూ నూట తొంభై ఏడున్నర దాటలేదు. రెబెక్కా కాగితం మీద రెండు వందలు అని రాసి నిర్వాహకుల బల్ల దగ్గర ఇచ్చేసింది. రెండు వందలెత్తితే అతని మొత్తం కూడా నాలుగు వందల ఎనభై అయిదే.

మైకులో రెండు వందలు అని చెప్పగానే లోకనాథ్ మొహం వికసించింది. సమానమే కదా అన్నాడు పక్కనున్న వాళ్ళతో. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, కుంటుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి బరువుల పట్టీ అడిగాడు. ఇరవై ఏళ్ళుగా ఈ పోటీల్లో ఉన్నవాడికి నియమం తెలియకపోదు. మొత్తాలు సమానమైతే, ఒంటి బరువు తక్కువున్నవాడిదే గెలుపు. పట్టీలో తన పేరు పక్కన ఒక అంకె ఉంది, ఏసుపాదం పేరు పక్కన ఒక అంకె ఉంది. రెంటికీ తేడా అరకిలో, పైన యాభై గ్రాములు.

లోకనాథ్ ఆ రెండు అంకెల మీదా వేలు పెట్టి మళ్ళీ చదివాడు. ఏసుపాదం అతన్నే చూస్తూ చేతులకు సుద్ద రాసుకున్నాడు, చూపు తిప్పకుండా బార్ దగ్గరికి నడిచాడు. రాజమండ్రి తెర వెనక విన్న పాపం అన్న మాట వేళ్ళ చుట్టూ చుట్టుకున్నాడు. బార్ నేల విడవడానికి చాలాసేపు తీసుకుంది. మోకాళ్ళ దగ్గర ఆగినట్టయింది, రెబెక్కా లేచి నిలబడింది. మళ్ళీ కదిలింది. నిటారుగా నిలబడి, దించమని జడ్జి చెయ్యి పడేదాకా పట్టుకున్నాడు. ముగ్గురు జడ్జీలూ ఒప్పుకున్నట్టు మూడు తెల్ల లైట్లు వెలిగాయి.

సోమవారం పొద్దున్న జిమ్‌కు పదిహేను మంది వస్తారనుకుంటే ముప్పై మంది వచ్చారు. సాయంత్రం బ్యాచ్ వాళ్ళు కూడా ఆఫీసులకు ఆలస్యమైనా ఫర్వాలేదని వచ్చారు. లోకనాథ్ కుర్రాళ్ళలో ఎవరికో ఆ పని అప్పజెప్పబోయాడు. మీ చేత్తో అన్నారు కదండీ అని ఏసుపాదం గుర్తు చేశాడు, చాలా మర్యాదగా. లోకనాథ్ స్టిక్కర్ పై మూల పట్టుకుని లాగాడు. అక్షరాలు ఊడి వచ్చాయి, తల ఊడి వచ్చింది. ఎనిమిది నెలల ఎండకు బంక పట్టేసి మిగతాది ముక్కలు ముక్కలుగా తప్ప రావడం లేదు. బ్లేడు తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని గీకడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే గట్టిగా అంటుకున్నది పొట్ట.

ఏసుపాదం ఎదురుగా బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీశాడు. మొదటి గుడ్డు పెంకు ఒలిచి, నిదానంగా తిన్నాడు. గోడ దగ్గర లోకనాథ్ చొక్కా వీపున చెమట పట్టింది. ఎవరో, ఇక చాలు మాస్టారూ, మిగతాది సున్నం కొట్టించేద్దాం అన్నారు. లోకనాథ్ ఆశగా వెనక్కి తిరిగి ఏసుపాదం వైపు చూశాడు.

"కానివ్వండి మాస్టారూ," అన్నాడు ఏసుపాదం, రెండో గుడ్డు చేతిలోకి తీసుకుంటూ. "నాకు తొందరేం లేదు. ఇంకా అరటిపండు ఉంది."